సాయంత్రం ఆరింటికి వచ్చే అంకె

2022 సెప్టెంబరు 13. మన గడియారంలో సాయంత్రం ఆరు. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ ఆగస్టు నెల ద్రవ్యోల్బణం 8.3 శాతం అని ప్రకటించింది. అంతకుముందు నెల అది 8.5 శాతం. అంటే ధరల వేగం తగ్గింది. అయినా 22 వేల డాలర్ల పైనున్న బిట్‌కాయిన్ నిమిషాల్లోనే జారడం మొదలుపెట్టి, రోజు ముగిసేసరికి దాదాపు పది శాతం పడి 20 వేల చిల్లరకు దిగింది.

మార్కెట్ ఎదురుచూసింది 8.1 శాతాన్ని. పడగొట్టింది ఆ 0.2 తేడాయే. అంతకంటే పెద్ద దెబ్బ లోపలి లెక్కలో ఉంది. ఆహారం, ఇంధనం తీసేసి చూసే మూల ద్రవ్యోల్బణం నెలకు 0.3 శాతం పెరుగుతుందనుకుంటే 0.6 పెరిగింది. పెట్రోలు చవకైనా మిగతావాటి ధరలు దిగడం లేదని, ఫెడరల్ రిజర్వ్ వడ్డీ రేట్లను ఇంకా గట్టిగా పెంచుతుందని అందరికీ ఒకేసారి అర్థమైంది. కాబట్టి ఇలాంటి రోజున నెత్తిన పెట్టుకోవాల్సినది వచ్చిన అంకెను కాదు, అంచనాకూ దానికీ మధ్య దూరాన్ని. ఆ అంచనా ముందురోజే ఆర్థిక వార్తల క్యాలెండర్లలో దొరుకుతుంది.

అయితే దిశను సరిగ్గా ఊహించినవాళ్లు కూడా ఆ కొద్ది నిమిషాల్లో నష్టపోతుంటారు. ప్రకటనకు ముందు, ఎప్పుడూ రెండువైపులా ధరలు పెట్టి కూర్చునే పెద్ద వ్యాపారులు తమ ఆర్డర్లను చాలావరకు వెనక్కి తీసుకుంటారు. కొనేవాడి ధరకూ అమ్మేవాడి ధరకూ మధ్య ఎడం పెరుగుతుంది. ఆర్డర్ బుక్ పలచబడితే ఓ మోస్తరు అమ్మకానికే ధర పెద్దగా కదులుతుంది. ఒక్కోసారి పైకి లేచి కొందరి స్టాప్‌లాస్‌లు తగిలించి, వెంటనే కిందికి దిగి మిగతావాళ్లవీ తగిలిస్తుంది. చార్టులో ఆ నిమిషానికి రెండువైపులా పొడవాటి గీతలున్న క్యాండిల్ కనిపిస్తే జరిగింది అదే.

స్టాప్‌లాస్ ఉంది కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. మీరు చెప్పిన ధర తగలగానే అది మామూలు మార్కెట్ ఆర్డర్‌గా మారుతుంది. పలచటి బుక్‌లో ఆ ధరకు కొనేవాడు లేకపోతే ఎంత కిందికి దొరికితే అంతకు అమ్ముడుపోతుంది. పోనీ ఇంతకంటే తక్కువకు అమ్మొద్దని లిమిట్ పెడితే, ధర దాన్ని దాటేసి వెళ్లిపోవచ్చు, ఆర్డర్ అలాగే మిగిలిపోవచ్చు. పది రెట్ల లెవరేజ్ తీసుకున్నవాడి సంగతి మరీ కష్టం. లక్ష రూపాయల మార్జిన్‌తో పది లక్షల బిట్‌కాయిన్ పట్టుకుంటే, ధర పది శాతం పడేలోపే ఎక్స్ఛేంజ్ దాన్ని బలవంతంగా అమ్మేస్తుంది. ఆ అమ్మకాలు ధరను మరింత కిందికి తోస్తాయి, ఇంకొందరి మార్జిన్లు ఎగిరిపోతాయి.

అందుకే నా మటుకు అసలు పని అంకె రాకముందే, పొజిషన్ పరిమాణం దగ్గర ఉంది. లక్ష రూపాయలున్న మనిషి ఒక ట్రేడ్‌లో వెయ్యికి మించి పోగొట్టుకోకూడదనుకున్నాడనుకుందాం. మామూలు రోజున రెండు శాతం దిగువన స్టాప్ పెట్టి 50 వేల రూపాయల కాయిన్ కొనొచ్చు. ప్రకటన రోజున రెండు శాతం స్టాప్ ఊరికే తగిలిపోతుంది. దాన్ని ఐదు శాతానికి జరిపితే, అదే వెయ్యి లెక్కకు 20 వేలకే కొనాలి. స్టాప్ జరిపి పరిమాణం తగ్గించకపోతే పోయేది రెండున్నర వేలు. ధర జారితే అంతకంటే ఎక్కువ. ఎప్పుడో పెట్టి మరిచిపోయిన పాత ఆర్డర్లనూ ముందే రద్దు చేసుకోవాలి, ఆ కుదుపులో అవి కూడా తగులుతాయి.

వడ్డీ నిర్ణయం రాత్రి మరో చిక్కుంది. నిర్ణయం వేసవి నెలల్లో మనకు రాత్రి 11:30కి, చలికాలంలో 12:30కి వస్తుంది. ఫెడ్ ఛైర్మన్ విలేకరుల సమావేశం మరో అరగంటకు మొదలవుతుంది. మొదటి కదలిక అక్కడ తిరగబడొచ్చు. 2024 డిసెంబరులో అనుకున్నట్టే పావు శాతం తగ్గించారు. కానీ 2025లో నాలుగు తగ్గింపులుంటాయన్న సెప్టెంబరు అంచనాను రెండుకు కుదించారు. రేటు తగ్గిన రాత్రే బిట్‌కాయిన్ సుమారు ఐదు శాతం పడింది. కొత్తగా కొనాలనుకున్నవాళ్లు ఆ సమావేశం ముగిసి, కొనుగోలు, అమ్మకం ధరల ఎడం మళ్లీ మామూలుకు వచ్చేదాకా ఆగితే పోయేది కొంత లాభం మాత్రమే.

మనదేశంలో ఆ రాత్రి హడావిడిగా కొని అమ్మేవాళ్లకు ఇంకో బరువుంది. కాయిన్ అమ్మినప్పుడు సాధారణంగా అమ్మిన మొత్తంపై ఒక శాతం టీడీఎస్ పట్టుకుంటారు. లాభం వస్తే 30 శాతం పన్ను. ఒక ట్రేడ్‌లో వచ్చిన నష్టాన్ని మరో ట్రేడ్ లాభంలోంచి తీసేయడానికి చట్టం ఒప్పుకోదు. అంటే గంటలోపు పదివేలు లాభం, పదివేలు నష్టం చేసినవాడు చేతిలో ఏమీ మిగలకుండానే ఆ లాభంపై మూడు వేలు, ఆపై సెస్సు కట్టాలి.