వీపీఎన్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ ఎందుకు?

వీపీఎన్ సర్వర్ ఒకే ఐపీ అడ్రస్‌ను చాలామందికి పంచుతుంది. మీరు అడిగినదానికి జవాబు మీకే చేరుతుంది. బయటివాళ్లు తమంతట తాము పంపింది మాత్రం ఎవరికివ్వాలో తెలియక అక్కడే ఆగిపోతుంది. కంపెనీ 48211 లాంటి ఒక పోర్టును మీకు కేటాయించి, దానికి వచ్చేదంతా మీ కంప్యూటర్‌కు పంపడమే పోర్ట్ ఫార్వార్డింగ్.

బ్రౌజింగ్‌కు ఇది అక్కర్లేదు. టొరెంట్‌లో లినక్స్ ఫైలును ఇతరులకు పంచుతుంటే మాత్రం పనికొస్తుంది: అదే నంబరును టొరెంట్ సాఫ్ట్‌వేర్‌లోనూ పెడితే కొత్తవాళ్లు నేరుగా మీతో కలుస్తారు.

ముప్పూ అక్కడే ఉంది. ఆ పోర్టు తలుపు ఎవరైనా తట్టొచ్చు; సాఫ్ట్‌వేర్‌లో లోపముంటే లోపలికే రావచ్చు. ఈ ట్రాఫిక్ వీపీఎన్ సొరంగంలోంచి వస్తుంది గనుక ఇంటి రౌటర్ ఆపలేదు. కొందరు దుర్వినియోగం చేయడంతో స్వీడన్ కంపెనీ ముల్వాడ్ 2023లో ఈ సదుపాయాన్నే ఎత్తేసింది. పనైపోగానే పోర్టు మూసేయండి.