రోజుకెన్ని స్టోరీలు, వారానికెన్ని పోస్టులు

ఇన్‌స్టాగ్రామ్‌లో వ్యాపారం పెట్టే ఏ ఫొటో అయినా వీడియో అయినా రెండింట్లో ఒక చోటికి చేరుతుంది. ఫీడ్‌లో పెడితే పోస్టు అవుతుంది, తీసేసేదాకా ప్రొఫైల్‌లో ఉండిపోతుంది. స్టోరీగా పెడితే యాప్ తెరవగానే పైన వరసగా కనిపించే గుండ్రాల్లోకి వెళ్లి, 24 గంటలు కాగానే మాయమవుతుంది. 2010లో ఇన్‌స్టాగ్రామ్ మొదలైనప్పుడు ఫీడ్ ఒక్కటే ఉండేది. స్నాప్‌చాట్ 2013లో తెచ్చిన స్టోరీ పద్ధతిని 2016 ఆగస్టులో ఇన్‌స్టాగ్రామ్ కూడా పెట్టుకుంది. దేన్ని ఎక్కడ పెట్టాలి, దేన్ని ఎన్నిసార్లు పెట్టాలి అన్న ప్రశ్న అప్పుడే వచ్చింది.

దీనికి తరచూ వినిపించే జవాబు ఒకటుంది. వారానికి రెండు పోస్టులు, రోజుకు రెండు స్టోరీలు. ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి 2021లో ఇలాంటి మాటే అన్నారు. ఏమీ తోచని రోజున మొదలుపెట్టడానికి అది పనికొస్తుంది. కానీ చీరల దుకాణానికీ కోచింగ్ సెంటర్‌కీ ఒకే అంకె సరిపోదు. అంకె తేలాలంటే ముందు ఏది ఎవరికి కనిపిస్తుందో తెలియాలి.

స్టోరీ చూసేది దాదాపుగా ఫాలోవర్లే. వాళ్లలోనూ ఎవరికి ముందు కనిపించాలన్నది యాప్ నిర్ణయిస్తుంది. ఆ ఖాతా స్టోరీలు తరచూ చూసేవారికి, జవాబులిచ్చేవారికి దాని గుండ్రం ముందు వరసలో ఉంటుంది. దాటేసుకుంటూ పోయేవారికి వెనక్కి జరుగుతుంది. పోస్టు, రీల్ అలా కావు. ఎక్స్‌ప్లోర్ పేజీ ద్వారా, సిఫార్సుల ద్వారా, ఒకరు ఇంకొకరికి పంపడం ద్వారా అవి ముక్కూమొహం తెలియనివారిని కూడా చేరతాయి. కాబట్టి కొత్తవాళ్లను తెచ్చే పని ఫీడ్‌ది, తెలిసినవాళ్లను కొనిపించే పని స్టోరీది. దీనికి తోడు లింక్ విషయం ఒకటుంది. పోస్టు కింద రాసే మాటల్లో పెట్టిన లింక్‌ను నొక్కితే తెరుచుకోదు. స్టోరీలో లింక్ స్టిక్కర్ పనిచేస్తుంది. ఒకప్పుడు ఆ సౌకర్యం పదివేల మంది ఫాలోవర్లున్న ఖాతాలకూ వెరిఫైడ్ ఖాతాలకూ మాత్రమే ఉండేది, 2021 అక్టోబరులో అందరికీ వచ్చింది. వాట్సాప్ కేటలాగుకో వెబ్‌సైటుకో మనిషిని తిన్నగా పంపాలంటే స్టోరీయే దగ్గరి దారి.

మంగళగిరి నేత చీరలు అమ్మే ఒక చిన్న దుకాణాన్ని ఊహించుకుంటే లెక్క స్పష్టమవుతుంది. నాలుగు వేల మంది ఫాలోవర్లు, పని చూసేది ఇద్దరు. సోమవారం, గురువారం కొత్త సరుకు దిగుతుంది. వచ్చిన ప్రతిసారీ పాతిక చీరలు, చాలావాటికి రెండో పీసు ఉండదు. ఇది కాక మగ్గం దగ్గర తీసిన వీడియోలు, కొన్నవారు కట్టుకుని పంపిన ఫొటోలు, కొరియర్ కట్టలు, పదేపదే వచ్చే ప్రశ్నలు ఉంటాయి. ఈ సామగ్రినంతా ఒకచోట రాసుకుని ప్రతిదాని పక్కనా ఒక్క ప్రశ్న వేయాలి: ఇది మూడు నెలల తర్వాత చూసినవారికి పనికొస్తుందా?

ఒక్కటే పీసున్న చీర పనికిరాదు. సాయంత్రానికి అమ్ముడైపోతుంది. దాన్ని ఫీడ్‌లో పెడితే నెలల తరబడి ‘ఇది ఉందా అండీ’ అని అడుగుతూనే ఉంటారు, లేదని చెప్పలేక ప్రాణం విసుగెత్తుతుంది. అది స్టోరీకి చెందింది. రెండు రంగుల్లో ఏది తెప్పించాలో తేల్చే పోల్, ఈ రోజు పంపిన పార్సిళ్లు, అమ్ముడైన చీరల కబురు కూడా అక్కడికే. నిజాం అంచు అంటే ఎలా ఉంటుందో, జరీ అంచున్న నూలు చీరను మొదటిసారి ఎలా ఉతకాలో, నీడన ఎందుకు ఆరేయాలో చెప్పేది మాత్రం ఏడాది తర్వాత కూడా పనికొస్తుంది. అది పోస్టు. మగ్గం మీద అంచు తేలే ముప్పై సెకన్ల వీడియో రీల్. సరుకును ఫీడ్‌లో చూపించక తప్పదు కాబట్టి పీసుల్ని కాకుండా రకాన్ని చూపించాలి. 2024 నుంచి ఒకే పోస్టులో ఇరవై ఫొటోల దాకా పెట్టే వీలుంది కనుక ‘నిజాం అంచు నూలు చీరలు, వచ్చే రంగులు’ అని ఒక్క పోస్టు చేస్తే సరిపోతుంది, ఇరవై అక్కర్లేదు.

ఇలా విడదీశాక అంకె దానంతటదే వస్తుంది. ఈ దుకాణం దగ్గర నిలిచే సరుకు వారానికి రెండు పోస్టులు, ఒక రీల్‌కు మించి లేదు. అంతకంటే ఎక్కువ పెట్టాలంటే చెప్పిందే చెప్పాలి. అలా చేసినా పెద్ద ప్రయోజనం లేదు. ఒకే ఖాతా పోస్టులు ఒకదాని వెంట ఒకటి వరసగా కనిపించకుండా చూస్తామని ఇన్‌స్టాగ్రామే చెప్పింది. స్టోరీలు మాత్రం సరుకు దిగిన రోజు పది దాకా పోవచ్చు, మిగతా రోజుల్లో రెండు మూడు చాలు. ప్రతిరోజూ సమానంగా ఉండాలని ఎక్కడా లేదు. సరుకు లేని మంగళవారం నాడు పది ఫ్రేములు నింపాలని కూర్చుంటే ఊకదంపుడు మొదలవుతుంది. జనం దాటేయడం అలవాటు చేసుకుంటారు, గురువారం నిజంగా చీరలు దిగేసరికి గుండ్రం వెనక వరసలో ఉంటుంది.

స్టోరీల విషయంలో పది ఎక్కువా తక్కువా అన్నది ఇన్‌సైట్స్ చూసి తేల్చాలి. ఒక సోమవారం పది ఫ్రేములు ఒకేసారి పెట్టారనుకుందాం. మొదటిది 400 మంది చూశారు, రెండోది 350, తర్వాత 335, 325, 318. ఆరోది 225. అక్కణ్నుంచి నెమ్మదిగా తగ్గుతూ పదోది 190. మొదటిదానికీ రెండోదానికీ మధ్య యాభై మంది తగ్గడం మామూలే, వేలు తగిలి తెరిచినవారు అక్కడే పోతారు. ఆ తర్వాత ఒక్కో ఫ్రేముకు పదో పదిహేనో తగ్గడం కూడా సహజం. చూడాల్సింది ఐదు నుంచి ఆరుకు ఒక్కసారిగా 93 మంది పోయిన చోటు. ఇక్కడే చాలామంది పొరబడి ఆరో ఫ్రేమును మార్చేస్తారు. ఆరోది చూడకుండానే వెళ్లిపోయినవారికి ఆరోదానిలో ఏముందో తెలియదు. వాళ్లను పంపించేసింది ఐదోది. తెరిచి చూస్తే అందులో సాధారణంగా కనిపించేది చిన్న అక్షరాలతో నిండిన ఆర్డరు నిబంధనల పోస్టరు. స్టోరీలో ఫొటో ఐదు సెకన్లు మాత్రమే నిలుస్తుంది. ఆ నిబంధనలు ఫీడ్ పోస్టులో ఉండాలి, స్టోరీలో దానికి ఒక దారి చూపితే చాలు.

జనం ఎలా వెళ్లారో కూడా ఇన్‌సైట్స్ చెబుతుంది. తర్వాతి ఫ్రేముకు నొక్కడం తప్పేమీ కాదు, చీర నచ్చక ముందుకు వెళ్లారంతే. వేరే ఖాతా స్టోరీకి దాటుకున్నా, స్టోరీలు మూసేసి బయటికి పోయినా ఆ ఫ్రేము విసిగించిందని అర్థం. వెనక్కి నొక్కడంలో రెండర్థాలున్నాయి. చీర ఫొటో మీద వెనక్కి వస్తే మళ్లీ చూడాలనిపించింది, రాత మీద వస్తే చదవడానికి సమయం చాలలేదు. ఒక జాగ్రత్త ఉంది. పొద్దున పెట్టిన ఫ్రేమునూ రాత్రి పెట్టినదాన్నీ అదే రాత్రి పోల్చకూడదు, రెండోదానికి ఇంకా గంటలే దొరికాయి. ఒకేసారి పెట్టిన వరసలను, అవి గడువు తీరి పోయాక పోల్చాలి. మూడు నాలుగు వరసల్లో నిబంధనల ఫ్రేము తీసేసినా ఏడో ఎనిమిదో చీర దగ్గర జనం జారిపోతుంటే ఆ ఖాతాకు హద్దు అదేనని అనుకోవచ్చు.

పోస్టును ఇంత త్వరగా తూచలేము. ఒకటి రెండు వారాలు ఆగాలి. లైకులు మర్యాదకు కూడా పడతాయి కాబట్టి వాటికంటే ఎంతమంది సేవ్ చేసుకున్నారు, ఎంతమంది ఇతరులకు పంపారు, చూసినవారిలో ఫాలోవర్లు కానివారు ఎందరు, అక్కణ్నుంచి ప్రొఫైల్‌కు వచ్చినవారెందరు అన్నవి చూడాలి. ఫాలోవర్లు కానివారు దాదాపు లేకపోతే ఆ పోస్టు స్టోరీ చేసే పనే చేసింది. తర్వాతిసారి దాన్ని స్టోరీగా పెట్టి ఊరుకోవచ్చు.

తెలుగు వ్యాపారాల ప్రొఫైళ్లలో తరచూ కనిపించే వృథా పండగ పోస్టరు. ఉగాదికీ వినాయక చవితికీ లోగో అతికించిన శుభాకాంక్షలు ఫీడ్‌లోకి ఎక్కుతాయి. మర్నాడు వాటితో ఎవరికీ పని లేదు, ప్రొఫైల్ మాత్రం గోడ క్యాలెండర్‌లా తయారవుతుంది. అది ముమ్మాటికీ స్టోరీ. దీనికి తలకిందుల పొరపాటు కూడా ఉంది. అమ్మకమంతా స్టోరీల్లోనే జరుగుతోందని ఫీడ్‌ను వదిలేస్తారు. ఎవరో పేరు చెబితే విని వచ్చిన కొత్త మనిషికి ఎనిమిది నెలల కిందటి చివరి పోస్టు కనిపిస్తుంది, దుకాణం మూసేశారనుకుని వెళ్లిపోతారు. ప్రొఫైల్ తెరవగానే కనిపించే తొమ్మిది పన్నెండు గళ్లలో ఏమి అమ్ముతారు, సుమారు ధర ఎంత, ఎలా తెప్పించుకోవాలి అన్నవి తేలిపోవాలి. ఫీడ్‌కు కనీస అంకె ఈ పరీక్ష మీదే ఆధారపడుతుంది. మూడు పోస్టులను పైన పిన్ చేసే వీలుంది కాబట్టి ఆ మూడు సంగతులనూ అక్కడ నిలపవచ్చు. 2017 డిసెంబరులో వచ్చిన హైలైట్స్ వల్ల కొనుగోలుదారుల ఫొటోల వంటి మంచి స్టోరీలు కూడా ప్రొఫైల్ మీద నిలుస్తాయి. అమ్ముడైన చీరలను మాత్రం అందులోకి ఎక్కించకూడదు.

అమెరికాలో కొనేవారున్న దుకాణానికి 24 గంటల గడువు కలిసొస్తుంది. వేసవిలో ఇక్కడ రాత్రి ఎనిమిదికి పెట్టిన స్టోరీ డాలస్‌లో ఉదయం తొమ్మిదిన్నరకు మొదలై అక్కడి పగలంతా ఉంటుంది. ఇక్కడివారు మర్నాడు పొద్దున కూడా చూడగలరు. దాని కోసం రెండోసారి పెట్టనక్కర్లేదు.

చివరి హద్దు మనుషులది. స్టోరీకి వచ్చే ప్రతి జవాబూ డీఎంలో పడుతుంది. ఒక్కో చీరకు ఆరుగురు అడిగారనుకుంటే పది చీరలకు అరవై సందేశాలు. ధర, కొలత, ఇంకో ఫొటో, చిరునామా కలిపి ఒక్కోదానికి మూడు నాలుగు నిమిషాలు వేసుకున్నా మూడున్నర గంటలు. అదే ఇద్దరు పార్సిళ్లు కూడా కట్టాలి. జవాబు రాత్రికి వాయిదా పడితే అడిగినవారు అప్పటికి ఇంకోచోట కొనేస్తారు. ఇన్‌సైట్స్ ప్రకారం పది ఫ్రేములు చెల్లుతున్నా, జవాబులు మర్నాటికి మిగిలిపోతుంటే సోమవారం ఐదు చీరలు, మంగళవారం ఐదు చీరలు పెట్టడమే సరైన లెక్క.