మిడ్‌టర్మ్ పోయాక ప్రొఫెసర్‌కి రాసే మెయిల్

ఆగస్టులో ఎమ్మెస్‌కి అమెరికా విమానమెక్కిన మన పిల్లలకు అక్టోబరు మధ్యలో మొదటి మిడ్‌టర్మ్ మార్కులు వస్తాయి. బీటెక్‌లో ఎన్నడూ చూడని అంకె అప్పుడు స్క్రీన్ మీద కనిపిస్తుంది. ఆ రాత్రే ఒక మెయిల్ వెళ్తుంది. ‘రెస్పెక్టెడ్ సర్’ అని మొదలై, జ్వరం, ఎడ్యుకేషన్ లోన్, ఇంటి పరిస్థితి అన్నీ చెప్పుకుని, గ్రేడు విషయంలో దయ చూపమని బతిమాలుతూ ముగుస్తుంది. రెండు లైన్ల జవాబొస్తుంది: ఆఫీస్ అవర్స్‌కి రండి. ఆ పొడి మాటల్లో కోపమేమీ ఉండదు. ఏ పరీక్షకు ఎంత వెయిటేజో సెమిస్టర్ మొదట్లోనే సిలబస్‌లో రాసిపెట్టిన మనిషి ఒక్కరి కోసం దాన్ని మార్చలేడు. పేపర్లో ఎక్కడ తప్పిందో మాత్రం చూపించగలడు. మెయిల్ అడగాల్సింది అదే, కానీ అడగాలంటే ముందు పేపర్ చదివి ఉండాలి.

టెక్సాస్‌లో ఆల్గారిథమ్స్ కోర్సు తీసుకున్న వరంగల్ కుర్రాడిని ఊహించుకుందాం. మిడ్‌టర్మ్‌లో వందకు 42. హోంవర్కుల్లో మాత్రం సగటున 90. మెయిల్ అందగానే ప్రొఫెసర్ తెరిచే గ్రేడ్‌బుక్‌లో ఈ రెండు అంకెలూ పక్కపక్కనే ఉంటాయి. జ్వరం సంగతి కన్నా ఆయనకు ముందు తట్టే ప్రశ్న ఇదే: ఇంట్లో 90 తెచ్చుకున్నవాడికి హాల్లో 42 ఎందుకొచ్చింది? చాలాసార్లు జవాబు రూమ్మేట్ల వాట్సాప్ గ్రూపులో దొరుకుతుంది. నలుగురూ కలిసి లెక్క తేలుస్తారు, ఎవరిది వారు విడిగా రాసుకుంటారు. కోర్సు నియమాలు ఒప్పుకుంటే అది తప్పు కాదు. కాకపోతే ఖాళీ కాగితం ముందు ఒంటరిగా కూర్చోవడం ఎవరికీ అలవాటు కాదు.

కుర్రాడి పేపర్లో 20 మార్కుల ప్రశ్నలు అయిదు, టైము 75 నిమిషాలు. మొదటి ప్రశ్నకు 16, రెండోదానికి 12, మూడోదానికి 6, నాలుగోదానికి 8 వచ్చాయి. అయిదోది ముట్టనే లేదు. అన్నిటికన్నా చెప్పుకోదగ్గది మూడో ప్రశ్న. ఒకే హాలును అడిగినవాళ్లలో వీలైనంత ఎక్కువమందికి ఎలా కేటాయించాలన్నది లెక్క. ముందుగా ముగిసే కార్యక్రమాన్ని మొదట తీసుకో, దానితో గొడవపడనివాటిలో మళ్లీ ముందుగా ముగిసేదాన్ని తీసుకో. ఈ పద్ధతి కుర్రాడు సరిగ్గానే రాశాడు, కోడ్ కూడా తప్పు లేదు. అయినా 14 మార్కులు పోయాయి. అంతకన్నా మంచి కేటాయింపు ఉండదని రుజువు చేయమన్నది అసలు ప్రశ్న. వేరే ఏ ఉత్తమ కేటాయింపునైనా తీసుకుని, అందులో మొదటి కార్యక్రమాన్ని మనం ఎంచుకున్నదానితో మార్చినా సంఖ్య తగ్గదని వరసగా చూపించాలి. అది రాయలేదు. నాలుగో ప్రశ్నలోనూ అంతే. పట్టిక నింపాడు, ఆ గడుల్లోని అంకెకు అర్థమేమిటో రాయలేదు.

పోయిన 58 మార్కులను ఇలా విడదీస్తే కథ మారిపోతుంది. రుజువు, వివరణ రాయకపోవడం వల్ల 26. టైము చాలక 20. చిల్లర తప్పులకు 12. ‘సబ్జెక్టు రాదు’ అనుకున్నవాడికి తేలేదేమిటంటే, ఆల్గారిథమ్ వచ్చు, అది ఎందుకు పనిచేస్తుందో కాగితం మీద నిలబెట్టడం రాదు. మెయిల్‌కి విషయం ఇక్కడ దొరుకుతుంది. అందుకే మార్కులొచ్చిన రాత్రి కాక, పేపర్ చూసుకున్నాక మర్నాడో ఎల్లుండో రాయడం మేలు.

అసలు మెయిల్ ఇంగ్లీషులోనే వెళ్తుంది గానీ, అందులో ఉండాల్సింది ఇంత:

‘డియర్ ప్రొఫెసర్ (ఇంటిపేరు), నేను మీ మంగళ, గురువారాల ఆల్గారిథమ్స్ క్లాసు విద్యార్థిని. మిడ్‌టర్మ్‌లో నాకు 42 వచ్చాయి. పేపర్ మళ్లీ చూసుకున్నాను. 26 మార్కులు మూడు, నాలుగు ప్రశ్నల్లో రుజువు రాయకపోవడం వల్ల పోయాయి. టైము చాలక అయిదో ప్రశ్న వదిలేశాను. హోంవర్కులు స్నేహితులతో చర్చించి చేస్తున్నాను, ఒంటరిగా రుజువు రాసే సాధన లేదని ఇప్పుడు అర్థమైంది. ఇకమీదట వారానికి రెండు పాత లెక్కలు తీసుకుని, పుస్తకం మూసి, ఒక్కోదానికి 25 నిమిషాల్లో పూర్తి రుజువు రాసి, బుధవారం టీఏకి చూపిద్దామనుకుంటున్నాను. హోంవర్కు కూడా చర్చకు ముందు ఒక రోజు సొంతంగా ప్రయత్నిస్తాను. ఈ దారి సరైనదేనా, డ్రాప్ గడువులోపు ఈ కోర్సులో కొనసాగడం మంచిదేనా అన్నది మీతో 15 నిమిషాలు మాట్లాడాలి. గురువారం మీ ఆఫీస్ అవర్స్‌కి రాగలను. అది కుదరకపోతే శుక్రవారం మధ్యాహ్నం ఖాళీగా ఉన్నాను. మూడో ప్రశ్నకు మళ్లీ రాసిన జవాబు తెస్తాను.’

అంతే. క్షమాపణలు లేవు, మార్కుల ప్రస్తావన ఒక్కసారికి మించి లేదు. నిజంగా ఆస్పత్రిలో పడి ఉంటే ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. దిద్దడంలో పొరపాటు కనిపిస్తే దాన్ని ఇందులో కలపకూడదు. రీగ్రేడింగ్‌కు సాధారణంగా వేరే గడువు, వేరే దారి ఉంటాయి. రెండూ కలిపితే ప్లాన్ అంతా మార్కుల బేరానికి ముసుగులా కనిపిస్తుంది. ‘రోజూ ఆరు గంటలు చదువుతాను’ లాంటి మాట కూడా వద్దు. అది చదివాక ప్రొఫెసర్ సరిదిద్దడానికి ఏమీ మిగలదు. 25 నిమిషాల్లో రుజువు అంటే మాత్రం, ‘ముందు టైము పెట్టుకోకుండా రాయి, మూడో వారం నుంచి గడియారం పెట్టు’ అని ఆయన చెప్పగలడు.

మెయిల్ యూనివర్సిటీ ఇచ్చిన ఐడీ నుంచే వెళ్లాలి. 1974 నాటి ఫెర్పా చట్టం వల్ల మార్కుల వివరాలు విద్యార్థి అనుమతి లేకుండా బయటివాళ్లకు చెప్పకూడదు కాబట్టి, సొంత జీమెయిల్ నుంచి అడిగితే ప్రొఫెసర్లు మార్కుల మాట ఎత్తరు. వరంగల్ నుంచి నాన్నగారు రాసినా అంతే. కాలేజీలో చేరాక ఆ హక్కు పిల్లలదే. రెండు పని దినాల్లో జవాబు రాకపోతే మరో మెయిల్ రాయక్కర్లేదు, ఆఫీస్ అవర్స్‌లో నేరుగా తలుపు తట్టవచ్చు. ఆ టైము ఉన్నదే అందుకు.

వెళ్లేముందు ఒక లెక్క వేసుకోవాలి. ఈ కోర్సులో హోంవర్కుకు 35 శాతం, మిడ్‌టర్మ్‌కు 25, ఫైనల్‌కు 40 అనుకుందాం. హోంవర్కు 90 దగ్గరే నిలిస్తే 31.5, మిడ్‌టర్మ్ నుంచి 10.5, మొత్తం 42 చేతిలో ఉన్నట్టు. 80 దాటి బి రావాలంటే ఫైనల్లో వందకు 95 కావాలి. 70తో సి చాలనుకుంటే ఫైనల్లో 70 చాలు. మాస్టర్స్‌లో చాలాచోట్ల సగటు 3.0 తగ్గకూడదు. మిగతా రెండు కోర్సుల్లో ఒక ఏ, ఒక బి వస్తే ఈ సి తోనూ సరిగ్గా 3.0 నిలుస్తుంది, కింద ఒక్క మెట్టు కూడా ఉండదు. ప్రొఫెసర్ దగ్గర పెట్టాల్సింది ఈ కాగితం. క్లాసు మొత్తానికి కర్వ్ వేస్తారా, ఇలాంటి మార్కులతో మొదలైనవాళ్లు ఫైనల్లో మామూలుగా ఎంతవరకు ఎదుగుతారు అన్నది ఆయనకే తెలుసు. ‘నీ పరిస్థితిలో నేనైతే డ్రాప్ చేస్తాను’ అని ఆయన అంటే తేలిగ్గా తీసుకోకూడదు.

అయితే డ్రాప్ విషయంలో ప్రొఫెసర్ మాటే చివరిది కాదు. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు ఫుల్‌టైమ్ చదవాలి. మాస్టర్స్‌లో అది చాలాచోట్ల 9 క్రెడిట్లు, అంటే మూడు కోర్సులు. ఒకటి వదిలితే ఆరే మిగులుతాయి. అందుకు ఇంటర్నేషనల్ ఆఫీసులోని డీఎస్‌ఓ ముందుగా అనుమతించాలి. అనుమతించే చదువు కారణాల్లో అమెరికా బోధనా పద్ధతి అలవాటు లేకపోవడమూ ఒకటి, కానీ ఆ వెసులుబాటు మాటిమాటికీ దొరకదు. డీఎస్‌ఓ కొన్నిసార్లు ప్రొఫెసర్ నుంచి ఒక ముక్క రాయించుకు రమ్మంటారు. మీటింగయ్యాక, ‘ఇవాళ మనం అనుకున్నవి ఇవి’ అని ప్రొఫెసర్‌కి మూడు లైన్ల మెయిల్ పంపి ఉంటే ఆయనకు అది రాయడం తేలిక. ఆ అనుమతి సెవిస్ రికార్డులో పడేదాకా పోర్టల్లో డ్రాప్ బటన్ జోలికి వెళ్లకూడదు.