మూసుకున్న కళ్లకు పక్క ఫ్రేమే మందు

మనిషి మామూలుగా నిమిషానికి 15 నుంచి 20 సార్లు రెప్ప వేస్తాడు. ఒక్కో రెప్పపాటు సెకనులో మూడో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. అంటే ఏ క్షణంలో కెమెరా నొక్కినా, ఒక మనిషి కళ్లు మూసుకుని దొరికే అవకాశం సుమారు పదింట ఒకటి. ఒక్కరి ఫోటోలో ఇది పెద్ద విషయం కాదు. పెళ్లి వేదిక మీద 14 మంది బంధువులు వరసగా నిలబడ్డారనుకోండి, అందరి కళ్లూ ఒకేసారి తెరిచి ఉండే ఫోటో నాలుగింట ఒక్కటి కూడా రాదు. 50 మంది ఉంటే రెండు వందల ఫోటోలకు ఒక్కటి వస్తే గొప్ప.

ఆస్ట్రేలియాలోని సి.ఎస్.ఐ.ఆర్.ఓ. అనే ప్రభుత్వ పరిశోధన సంస్థకు చెందిన నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ ఈ సంగతిని లెక్క కట్టి చూశారు. అందుకు 2006లో గణితంలో ఇగ్ నోబెల్ బహుమతి అందుకున్నారు. వాళ్లు చెప్పిన సూత్రం తేలిక. గుంపులో 20 మంది లోపు ఉంటే, వెలుతురు బాగున్నప్పుడు మనుషుల సంఖ్యను 3తో, వెలుతురు తక్కువైతే 2తో భాగించి, అన్ని ఫోటోలు తీయాలి. అలా తీస్తే వాటిలో ఒక్కటైనా అందరి కళ్లూ తెరిచి ఉన్నది దొరుకుతుందని దాదాపు నమ్మవచ్చు. 50 మంది దాటితే మాత్రం ఆశ వదులుకోవాల్సిందేనని వాళ్లే చెప్పారు.

అయితే, ఒక ఫ్రేములో కళ్లు మూసిన మనిషి ముఖం స్థానంలో అదే మనిషి కళ్లు తెరిచిన ముఖాన్ని ఇంకో ఫ్రేము నుంచి తెచ్చి పెట్టగలిగితే లెక్క మారిపోతుంది. అప్పుడు అందరూ బాగున్న ఒక్క ఫోటో అక్కర్లేదు. ప్రతి మనిషీ ఏదో ఒక ఫోటోలో బాగుంటే చాలు. విడివిడిగా తీసిన ఐదు ఫోటోల్లోనూ ఒకే మనిషి కళ్లు మూసుకుని ఉండే అవకాశం లక్షకు ఒకటి మాత్రమే. 50 మంది గుంపుకూ ఆ ఐదు ఫోటోలే సరిపోతాయి.

ఆ ఐదూ నిజంగా విడివిడిగా ఉండాలి. బటన్ నొక్కి పట్టుకుని సెకనుకు పది చొప్పున తీస్తే ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య వ్యవధి సెకనులో పదో వంతే. ఒక రెప్పపాటు మూడు ఫ్రేములను మింగేస్తుంది. ఒక్కో సెకను ఆగి ఆగి తీయడమే మేలు. ఫ్లాష్ మళ్లీ చార్జ్ కావడానికీ ఆ సమయం పనికొస్తుంది.

కొందరు మాత్రం ప్రతి ఫోటోలోనూ కళ్లు మూస్తారు. అది వాళ్ల అలవాటు కాకపోవచ్చు, కారణం ఫ్లాషే కావచ్చు. ఆటోమేటిక్ పద్ధతిలో ఉన్న ఫ్లాష్ అసలు మెరుపుకు ముందు, వెలుతురు కొలుచుకోవడానికి చిన్న మెరుపు ఒకటి వేస్తుంది. త్వరగా స్పందించే కళ్లు ఆ తొలి మెరుపుకే మూసుకుంటాయి. సరిగ్గా అప్పుడే అసలు ఫోటో పడుతుంది. ఫ్లాష్‌ను మాన్యువల్‌కు మారిస్తే ఆ తొలి మెరుపు ఉండదు, ఆ మనిషి కళ్లూ తెరుచుకుంటాయి. మార్చిపెట్టడానికి కళ్లు తెరిచిన ముఖం ఒక్కటైనా ఉండాలి కాబట్టి ఈ సంగతి వేదిక దగ్గరే గమనించాలి.

ఇక అసలు పని ఎలా జరుగుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక రిసెప్షన్‌లో 14 మందిని రెండు వరసల్లో నిలబెట్టి ఐదు ఫ్రేములు తీశారు. మూడోది అన్నిటికంటే బాగుంది. పెళ్లికూతురి నవ్వు, పిల్లల చూపు అన్నీ కుదిరాయి. పెళ్లికూతురి పక్కన నిలబడ్డ నాయనమ్మ కళ్లు మాత్రం సగం మూతపడ్డాయి. మిగతా ఫ్రేముల్లో ఆవిడ కళ్లు బాగా తెరిచి ఉన్నవి రెండు, రెండోది, ఐదోది.

ఐదో ఫ్రేములో కళ్లు చక్కగా విప్పారి ఉన్నాయి. కానీ ఆలోపు వీడియో తీసే కుర్రాడు తన లైటు పట్టుకుని అటు పక్కకు జరిగాడు. దాంతో ఆవిడ ముక్కు నీడ ఎడమ చెంప నుంచి కుడి చెంపకు మారింది. రెండో ఫ్రేములో తల కొంచెం పెళ్లికూతురి వైపు ఒరిగి ఉంది. ఫ్లాష్ పూర్తిగా చార్జ్ కాకపోవడంతో ఫోటో కాస్త మసగ్గానూ ఉంది. అయినా తీసుకోవలసింది రెండోదే. మసకను పెంచవచ్చు, ఒరిగిన తలను నాలుగైదు డిగ్రీలు తిప్పవచ్చు. నీడ పడిన దిక్కును మాత్రం ఏ సాధనమూ నమ్మేలా మార్చలేదు. పక్కవాళ్లందరి ముక్కుల నీడ ఒకవైపు, ఈవిడ నీడ ఒకవైపు పడితే, ఎందుకో చెప్పలేకపోయినా చూసేవాళ్లకు ఏదో తేడాగా అనిపిస్తుంది.

తరువాతి ప్రశ్న, ఎంత భాగం తేవాలన్నది. కళ్లు మాత్రం కత్తిరించి అతికిస్తే పని త్వరగా అయిపోతుందనిపిస్తుంది. కానీ రెప్పతో పాటు కనుబొమ్మ, కంటి కింది చర్మం, నవ్వుతుంటే చెంప కూడా కదులుతాయి. సగం మూసిన కళ్ల ముఖంలో విప్పారిన కళ్లు పెడితే ఆవిడ ఉలిక్కిపడినట్టు కనిపిస్తుంది. కళ్లజోడు ఉంటే చిక్కు ఇంకా ఎక్కువ. అద్దాల మీద మెరుపు, చెంప మీద ఫ్రేము నీడ ఆ క్షణానికి చెందినవి. అందుకే జోడుతో, జుట్టుతో సహా తలంతా తేవాలి.

ఫోటోషాప్‌లో రెండో ఫ్రేము తెరిచి, నాయనమ్మ తలా భుజాలూ పడేలా లాసోతో వదులుగా చుట్టి కాపీ చేయాలి. మూడో ఫ్రేములోకి వచ్చి Ctrl+Shift+V నొక్కితే ఆ ముక్క తాను ఉన్న చోటే, కొత్త లేయర్‌గా వచ్చి కూర్చుంటుంది. దాని Opacity 50కి తగ్గిస్తే కిందా పైనా రెండు ముఖాలూ కలిసి కనిపిస్తాయి. ఇప్పుడు Ctrl+T తో జరుపుతూ, తిప్పుతూ, అవసరమైతే పరిమాణం ఒకటి రెండు శాతం మారుస్తూ కలపాలి. Auto-Align Layers అనే ఆదేశం కూడా ఉంది కానీ, అది బొమ్మ మొత్తాన్ని చూసి సరిచేస్తుంది. వెనక మండపం సరిపోయినా, దాని ముందు కదిలిన తల సరిపోదు. చివరికి చేత్తో సరిచూసుకోక తప్పదు.

దేన్ని గుర్తుగా పెట్టుకోవాలి? కళ్లు పనికిరావు, అవి ఒకదాంట్లో మూసి ఉన్నాయి. కళ్లజోడు జారుతుంది, జుంకాలు ఊగుతాయి. మన పెద్దవాళ్ల ముఖాల్లో నమ్మదగిన గుర్తులు వేరే ఉన్నాయి, ముక్కుపుడక, నుదుటి బొట్టు. ఈ రెండూ ఒకదానిమీద ఒకటి పడి, గడ్డం అంచు కూడా కుదిరితే తల తన చోట్లో ఉన్నట్టే.

Opacity తిరిగి 100 చేసి, ఆ లేయర్‌కు నల్లటి మాస్క్ తగిలించాలి. మాస్క్ నల్లగా ఉన్నంతసేపు కొత్త ముఖం దాగి ఉంటుంది. తెల్ల రంగుతో, మెత్తటి అంచున్న బ్రష్‌తో గీస్తూ పోతే గీసినంత మేరా బయటపడుతుంది. ఎక్కువైతే నలుపుతో గీసి వెనక్కి తీసుకోవచ్చు. పాత ముఖం చెరిగిపోదు, కింద భద్రంగా ఉంటుంది.

అతుకు ఎక్కడ వెయ్యాలన్నదే ఈ పనిలో నేర్పంతా. చెంప మీదుగానో నుదుటి మీదుగానో ఎప్పుడూ పోనివ్వకూడదు. నున్నటి చర్మం మీద రంగులో రవ్వంత తేడా ఉన్నా గీతలా కనబడుతుంది. పైన జుట్టులో, పక్కన చెవి వెనక, కింద గడ్డం నీడలోనో, నగ అంచు వెంటో దాచాలి. దర్జీ కుట్టును మడతలో దాచినట్టే ఇది. బ్రష్ మెత్తదనం కూడా ఆ చోట ఫోటో ఎంత స్పష్టంగా ఉందో అంతే ఉండాలి. స్పష్టమైన జరీ అంచు దగ్గర మరీ మెత్తటి బ్రష్ వాడితే అక్కడ పొగ కమ్మినట్టుంటుంది.

తల ఒరిగిన తేడా వల్ల ఇంకో ఇబ్బంది వస్తుంది. కొత్త తల పక్కనుంచి పాత చెవో, జడలోని పూలో తొంగి చూస్తాయి. వాటిని చెరిపేస్తే వెనక ఏముండాలో ఊహించి గీయాలి. అక్కర్లేదు, మిగతా ఫ్రేములున్నాయి కదా. ఆ చోట మండపం పూల అలంకరణ ఖాళీగా కనిపించే ఫ్రేము నుంచి ఆ చిన్న ముక్క తెచ్చి, రెండు తలల మధ్య లేయర్‌గా పెడితే సరిపోతుంది.

చివరగా వెలుతురు. ముఖం లేయర్‌కు మాత్రమే వర్తించేలా Curves తగిలించి, కొత్త ముఖంలోని మెడ పాత మెడతో కలిసే వరకు పెంచాలి. ముఖాన్ని పెళ్లికూతురి ముఖంతో పోల్చకూడదు, ఆవిడ మెడతోనే పోల్చాలి. వెలుతురు కుదిరినా రంగు పచ్చగానో నీలంగానో ఉంటే, అదే Curves లో ఆ రంగును విడిగా సరిచేయాలి.

పని అయ్యాక చూసుకునే పద్ధతి ఒకటుంది. లేయర్ పక్కన ఉన్న కంటి గుర్తును నొక్కి ముఖాన్ని మారుస్తూ ఉండండి. మారవలసింది ముఖం మాత్రమే. భుజం, నగ, పక్కవాళ్ల చీర అంచు ఎగిరితే అతుకు తప్పింది. తరువాత బొమ్మను అద్దంలోలా ఎడమ కుడి తిప్పి చూడండి. చూసి చూసి అలవాటైన కంటికి అప్పటిదాకా తెలియని తప్పులు అప్పుడు దొరుకుతాయి. చూపు కూడా గమనించాలి. అందరూ కెమెరా వైపు చూస్తుంటే ఆవిడ వీడియో వైపు చూస్తుంటే కళ్లు తెరిచి లాభం లేదు.

ఒక్క ఫ్రేములోనూ కళ్లు దొరక్కపోతే మనవరాలి ఫోనులోని సెల్ఫీ నుంచి ముఖం తెద్దామనిపిస్తుంది. అది కుదరదు. చేతి దూరంలో తీసిన ముఖంలో ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి వెళ్లినట్టుగా ఉంటాయి. పదిహేను అడుగుల దూరం నుంచి తీసిన గుంపులో ఆ ముఖం పరాయిదిలా కనిపిస్తుంది. అదే దూరం, అదే లెన్సు, అదే వెలుతురు ఉన్న ఫోటో లేకపోతే ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేయడమే మంచిది. వార్తాపత్రికకు ఇచ్చే ఫోటోలో అయితే ఈ మార్పు అసలు చేయకూడదు. అక్కడ ఫోటో జరిగినదానికి సాక్ష్యం. ఇంటి ఆల్బమ్‌లో అందరూ నిజంగా అక్కడే, కొన్ని సెకన్ల తేడాలో అలాగే ఉన్నారు కాబట్టి చెల్లుతుంది.

ఇదంతా సాధ్యమయ్యేది మిగతా ఫ్రేములు బతికి ఉన్నప్పుడే. చాలా స్టూడియోల్లో మంచిది ఒకటి ఉంచి, బాగాలేనివి తీసేసి, పెన్‌డ్రైవ్‌లో ఇస్తారు. ఆ తీసేసిన వాటిలో పెళ్లికొడుకు కళ్లు మూసి ఉండవచ్చు, నాయనమ్మ కళ్లు తెరిచి ఉండవచ్చు. ఫోటోగ్రాఫర్‌తో ముందే చెప్పండి, గ్రూప్ ఫోటోల ఫ్రేములు మాత్రం ఒక్కటీ తీసేయవద్దని, ఆల్బమ్ అచ్చు అయ్యేదాకా అన్నీ ఉంచమని.