దిక్కు మార్చుకునే కరెంటు: తిరిగే తీగచుట్ట కథ

1831లో మైకేల్ ఫారడే లండన్‌లో ఒక సంగతి తేల్చాడు. తీగచుట్టలోకి అయస్కాంతాన్ని తోసినా, బయటికి లాగినా ఆ క్షణంలో తీగలో కరెంటు పుడుతుంది. కదలిక ఆగితే కరెంటూ ఆగిపోతుంది. మరుసటి ఏడాదే పారిస్‌లో పరికరాలు తయారుచేసే హిప్పొలైట్ పిక్సీ దీన్ని యంత్రంగా మలిచాడు. పిడి తిప్పితే గుర్రపునాడా అయస్కాంతం తీగచుట్టల దగ్గర గిర్రున తిరిగేది. కరెంటు ఆగకుండా వచ్చింది గానీ, ప్రతి అర చుట్టుకీ దిక్కు మార్చుకుంటూ వచ్చింది. బ్యాటరీ కరెంటుకు అలవాటుపడ్డ వారికి అది లోపంగా తోచింది. ఆంపియర్ సూచనతో పిక్సీ ఆ దిక్కును సరిచేసే కమ్యుటేటర్‌ను అమర్చాడు. 1833లో జోసెఫ్ సాక్స్‌టన్ అయస్కాంతాన్ని కదలకుండా ఉంచి, తీగచుట్టలనే తిప్పే యంత్రాన్ని చూపించాడు. మన పాఠ్యపుస్తకాల్లోని జనరేటర్ బొమ్మ ఈ అమరికదే.

కరెంటు దిక్కు ఎందుకు మారుతుంది? దీర్ఘచతురస్రాకారపు చుట్ట ఒకటి తీసుకుందాం. పొడవు 20 సెంటీమీటర్లు, వెడల్పు 10 సెంటీమీటర్లు, 100 చుట్లు. దాన్ని 0.1 టెస్లా ఏకరీతి క్షేత్రంలో, పొడవు భుజాలకు సమాంతరంగా నడిమధ్యన ఉన్న ఇరుసు మీద, సెకనుకు 50 సార్లు తిప్పుతున్నాం. ఇరుసు క్షేత్రానికి లంబంగా ఉంది. వోల్టేజిని పుట్టించేవి ఈ పొడవు భుజాలు రెండే. పొట్టి భుజాల్లోని ఎలక్ట్రాన్ల మీద బలం పనిచేసినా, అది తీగకు అడ్డంగా ఉంటుంది కాబట్టి వాటిని తీగ వెంట నడిపించలేదు.

పొడవు భుజం ఇరుసుకు 5 సెంటీమీటర్ల దూరంలో ఉంది కనుక దాని వేగం సెకనుకు 15.7 మీటర్లు. ఈ వేగం ఎప్పుడూ మారదు, దాని దిశే మారుతూ ఉంటుంది. చుట్ట తలం క్షేత్రానికి సమాంతరంగా ఉన్నప్పుడు భుజం క్షేత్రరేఖలను లంబంగా కోస్తుంది. అప్పుడు ఒక్కో తీగలో 0.1 × 0.2 × 15.7, అంటే 0.314 వోల్టులు పుడతాయి. రెండు భుజాలకు 0.628, వంద చుట్లకు 62.8 వోల్టులు. అక్కడి నుంచి పావు చుట్టు తిరిగేసరికి భుజం రేఖల వెంబడే జారుతుంది, దేన్నీ కోయదు. వోల్టేజి సున్నా. ఆ తర్వాత ఇంతకు ముందు పైకి కదిలిన భుజం కిందికి దిగుతుంది, అందుకే దిక్కు తిరగబడుతుంది.

విద్యార్థులు తడబడేది ఇక్కడే. చుట్ట గుండా అయస్కాంత అభివాహం అత్యధికంగా ఉన్న క్షణంలో వోల్టేజి సున్నా. అభివాహం సున్నా అయిన క్షణంలో వోల్టేజి గరిష్ఠం. ఎందుకంటే వోల్టేజి అభివాహం ఎంత ఉందన్న దాన్ని బట్టి రాదు, అది ఎంత వేగంగా మారుతోందన్న దాన్ని బట్టి వస్తుంది. వోల్టేజి సున్నాగా ఉన్న స్థానం నుంచి కోణం లెక్కపెడితే 30 డిగ్రీల దగ్గర 31.4 వోల్టులు, 90 దగ్గర 62.8, 180 దగ్గర మళ్లీ సున్నా. ఈ బిందువులను కలిపితే సైన్ వక్రం వస్తుంది. దాని సూత్రం e = NBAω sin ωt.

వేగాన్ని సగానికి తగ్గిస్తే రెండు మార్పులు ఒకేసారి వస్తాయి. గరిష్ఠ వోల్టేజి 31.4కి పడిపోతుంది, ఫ్రీక్వెన్సీ 25 హెర్ట్జ్ అవుతుంది. దీపం తగిలించకుండా తిప్పితే పిడి తేలిగ్గా తిరుగుతుంది. దీపం తగిలించగానే బరువెక్కుతుంది. చుట్టలో పారే కరెంటు మీద అదే క్షేత్రం తిప్పుడుకు ఎదురుగా బలం చూపుతుంది. దీపం వాడుకునే శక్తి తిప్పే చేతి నుంచే వస్తుంది.

అసలు యంత్రంలో ఇంత నున్నని సైన్ వక్రం దానంతట అదే రాదు. ఇనుప గర్భం మీద చుట్టను చుట్టి, దాని చుట్టూ వంపు ధ్రువాలు పెడితే క్షేత్రం ఏకరీతిగా ఉండదు. ఓసిలోస్కోప్‌లో చూస్తే తరంగం శిఖరం గుండ్రంగా కాక చదునుగా కనిపిస్తుంది. అందుకే ఇంజినీర్లు ధ్రువాల ఆకారాన్ని సవరిస్తారు, తీగచుట్టలను ఒకే గాడిలో కాక చాలా గాళ్లలో పరుస్తారు.

నేటి విద్యుత్ కేంద్రాల్లో పిక్సీ యంత్రంలో లాగే అయస్కాంతమే తిరుగుతుంది, ప్రధాన తీగచుట్టలు కదలవు. భారీ కరెంటును రాపిడి బ్రష్షుల గుండా తీయాల్సిన అవసరం దీనితో తప్పింది. మన దేశపు 50 హెర్ట్జ్ కోసం రెండు ధ్రువాల రోటర్ నిమిషానికి 3000 సార్లు తిరగాలి. గ్రిడ్ మీద లోడు ఒక్కసారిగా పెరిగి ఫ్రీక్వెన్సీ 49.5కి దిగిందంటే, అలాంటి రోటర్లన్నీ 2970కి మందగించాయని అర్థం.