బాల్కనీ బయట కాదు

వేసవి చివర్లో గాలివాన మొదలైతే గౌలిపురా, ఛత్రినాక, లాల్‌దర్వాజ గల్లీల్లో కరెంటు పోవడం అలవాటైన సంగతే. తీగ ఎక్కడ తెగిందో తెలిసేసరికి అర్ధరాత్రి దాటుతుంది. చంటిపిల్లలున్న ఇళ్లు, మంచాన పడ్డ పెద్దలున్న ఇళ్లు అంతసేపు ఉక్కలో కూర్చోలేవు. అందుకని చాలామంది చిన్న పెట్రోల్ జనరేటర్ తెచ్చుకుంటారు. ఇంట్లో పెడితే ప్రమాదమని అందరికీ తెలుసు. వీధిలో పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారు. చివరికి బాల్కనీలో పెట్టి, తలుపు దగ్గరికి వేసి, బయటే ఉంది కదా అని నిశ్చింతగా పడుకుంటారు. ప్రాణం మీదికి తెచ్చేది ఈ నిశ్చింతే. పాతబస్తీ ఇంట్లో బాల్కనీ మీద పెట్రోల్ జనరేటర్ నడపడం సురక్షితం కాదు. ఎందుకు కాదో కాస్త లెక్క వేసి చూద్దాం.

జనరేటర్ పొగలో చంపే వాయువు కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ వాసన వస్తే లేస్తాంలే అనుకుంటారు గానీ, ఆ వాసన సరిగా కాలని పెట్రోలుది. నిద్రలో ఉన్న ముక్కును అది లేపుతుందన్న నమ్మకం లేదు. ఇంధనంలోని కార్బన్‌కు చాలినంత ఆక్సిజన్ అందితే కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. అందకపోతే మోనాక్సైడ్ దగ్గరే ఆగిపోతుంది. ఇప్పటి కార్లలో ఎంత పెట్రోలు చిమ్మాలో సెన్సర్ చూసి కంప్యూటర్ నిర్ణయిస్తుంది, మిగిలిన విషాన్ని సైలెన్సర్‌కు ముందుండే కెటలిటిక్ కన్వర్టర్ విరిచేస్తుంది. మామూలు చిన్న జనరేటర్లో ఈ రెండూ ఉండవు. సులువుగా స్టార్ట్ అవ్వాలని, ఇంజన్ మరీ వేడెక్కకూడదని కార్బురేటర్‌ను పెట్రోలు కాస్త ఎక్కువే పోయేలా అమరుస్తారు. స్టార్ట్ చేశాక చోక్ వెనక్కి నెట్టడం మరిచిపోతే విషం ఇంకా పెరుగుతుంది. ‘సైలెంట్’ అని అమ్మే రకాల్లో తగ్గించింది చప్పుడును మాత్రమే.

ఒక చిన్న జనరేటర్ గంటకు అర లీటరు పెట్రోలు తాగుతుందనుకుందాం. అర లీటరు బరువు 370 గ్రాములు, అందులో కార్బన్ దాదాపు 320 గ్రాములు. దానిలో పావు వంతు సరిగా కాలకుండా పోయిందనుకున్నా గంటకు 180 గ్రాములకు పైగా కార్బన్ మోనాక్సైడ్ బయటికొస్తుంది. ఇప్పుడు బాల్కనీని ఆనుకుని పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తున్న పడకగది ఉందనుకుందాం. అందులో 28 ఘనమీటర్ల గాలి పడుతుంది. పొగలో నూటికి తొంభై ఎనిమిది వంతులు గాలిలో కలిసిపోయి, రెండు వంతులే తలుపు సందుల్లోంచి గదిలోకి వచ్చాయనుకుందాం. గదిలోని గాలి గంటకొకసారి పూర్తిగా మారుతున్నా, మొదటి గంట ముగిసేసరికి అక్కడ 70 పీపీఎం, అంటే పది లక్షల వంతుల గాలిలో 70 వంతుల విషం ఉంటుంది. మూడు గంటలకు వంద దాటుతుంది. తలుపులు బిగించి గాలి మారడం సగానికి తగ్గితే, అదే మూడు గంటలకు 170 చేరుతుంది. రెండు వంతులకు బదులు ఐదు వంతులు లోపలికొస్తే, గాలి గంటకొకసారి మారే గదిలోనే 260 దాటుతుంది. గంటసేపు పీల్చే గాలిలో ఇది 30 పీపీఎం మించకూడదని, ఎనిమిది గంటల సగటు 9 మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 200 దగ్గర రెండు మూడు గంటలుంటే ఆరోగ్యవంతులకే తలనొప్పి, వికారం మొదలవుతాయి. 1600 దాకా పోతే గంటా రెండు గంటల్లో ప్రాణం పోవచ్చు.

రెండు వంతులే వస్తాయన్న నా అంచనా పాతబస్తీ విషయంలో ఉదారమైనదే. మూడంతస్తుల ఇళ్లు ఎదురెదురుగా నిలబడ్డ పది అడుగుల గల్లీలో, పైన గాలి ఎంత వీచినా అది కప్పుల మీదుగా జారిపోతుంది. కింద గాలి అక్కడక్కడే సుడి తిరుగుతూ ఉంటుంది. అందులోనూ మన బాల్కనీకి మూడువైపులా గోడ, పైన స్లాబ్, ముందు గ్రిల్, చాలాచోట్ల గ్రిల్‌కు కట్టిన పరదా. వదిలిన పొగ అక్కడే కూడుతుంది. కార్బన్ మోనాక్సైడ్ గాలికంటే ఏమంత తేలికా కాదు, బరువూ కాదు కాబట్టి కిందికి దిగిపోతుందనీ పైకి లేచిపోతుందనీ భరోసా లేదు. గాలి ఎటు పోతే అటే పోతుంది.

గాలిని లోపలికి లాగేది చాలాసార్లు మనమే. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతుంటే ఇంట్లోంచి బయటికి పోయిన గాలికి బదులు మరో వైపు నుంచి గాలి రావాలి. బాల్కనీ తలుపు సందే దానికి దగ్గరి దారి. హైదరాబాద్ ఇళ్లలో ఇంతకంటే పెద్ద చిక్కు కూలర్. కిటికీకి బయట, బాల్కనీ వైపు పెట్టే కూలర్ బయటి గాలిని లాగి గదిలోకి కొడుతుంది. ఆ కూలర్ నడవడానికే పక్కన జనరేటర్ పెడతారు. తడిసిన గడ్డి దుమ్మును ఆపుతుంది గానీ కార్బన్ మోనాక్సైడ్‌ను ఆపదు, ఎందుకంటే అది నీళ్లలో కరిగేది అత్యల్పం. గంటకు 1500 ఘనమీటర్ల గాలి తోసే కూలర్ పొగలో సగాన్ని లాక్కుంటే గదిలో దాదాపు 50 పీపీఎం నిలుస్తుంది. కూలర్ చాలా గాలి తెస్తుంది కాబట్టి విషం కాస్త పలచబడుతుంది, నిజమే. కానీ కూలర్‌కు ఎదురుగా పడుకున్న పసిపిల్లకు రాత్రంతా అందేది హద్దుకు ఐదు రెట్లకు పైమాట. గర్భిణులకు ఇది ఇంకా ప్రమాదం, కడుపులోని బిడ్డ రక్తంలోంచి ఈ వాయువు తల్లి రక్తంలోకంటే ఆలస్యంగా వదులుతుంది.

ఇదంతా కాగితం మీది లెక్క అనుకునేవాళ్లకు వడకర ఉదంతం చెప్పాలి. 2024 డిసెంబరులో కేరళలోని కోళికోడ్ జిల్లా వడకర దగ్గర రోడ్డు పక్కన ఆపిన ఒక క్యారవాన్‌లో ఇద్దరు ఉద్యోగులు చనిపోయి కనిపించారు. ఏసీ కోసం జనరేటర్ నడుస్తూ ఉంది. ఆ తర్వాత కోళికోడ్ ఎన్‌ఐటీ నిపుణులు అదే బండిలో జనరేటర్ నడిపి కొలిచారు. రెండు గంటల్లో లోపల కార్బన్ మోనాక్సైడ్ 957 పీపీఎంకు చేరింది. అది వచ్చిన దారి బండి అడుగునున్న ఒక రంధ్రం. మనుషులున్న చోటికీ జనరేటర్ ఉన్న చోటికీ మధ్య అడ్డు ఉన్నా, ఆ అడ్డులో ఒక చిన్న సందు చాలింది. మన బాల్కనీ తలుపు కింద చెయ్యి పట్టేంత సందు ఉంటుంది.

మరి ఎంత దూరం చాలు? అమెరికాలో ఎన్‌ఐఎస్‌టీ అనే ప్రమాణాల సంస్థ ఇంటి బయట పెట్టిన జనరేటర్ పొగ లోపలికి ఎంత వస్తుందో కంప్యూటర్ నమూనాలతో చూసింది. గాలి తీరును బట్టి 15 అడుగుల దూరం కూడా కొన్నిసార్లు చాలదని తేలింది. అందుకే అక్కడి ఆరోగ్య అధికారులు తలుపులకూ కిటికీలకూ కనీసం 20 అడుగులు ఎడంగా పెట్టమంటారు. మన బాల్కనీ వెడల్పు మూడు నాలుగు అడుగులు. మేడ మీద పెడితేనో? 60 గజాల ఇల్లు సుమారు 18 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు ఉంటుంది. సరిగ్గా మధ్యలో పెట్టినా అటూ ఇటూ గోడలకు తొమ్మిదేసి అడుగులే. పక్కిల్లు మనకంటే ఒక అంతస్తు ఎత్తుంటే మన పొగ నేరుగా వాళ్ల కిటికీలోకి పోతుంది. చుట్టూ ఇళ్లన్నీ మన మేడకంటే కిందికి ఉండి, మెట్ల గది తలుపు గట్టిగా మూసుకునే చోట మాత్రమే మేడను ఆలోచించవచ్చు.

బాల్కనీ విషయంలో నన్ను ఇంకోటి కూడా కలవరపెడుతుంది. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో 17 మంది చనిపోయారు, ఎక్కువమంది పొగ పీల్చే. అక్కడ జనరేటర్ పాత్ర లేదు. కానీ ఆ ఇంట్లోకి దుకాణాల మధ్య సొరంగంలాంటి రెండు మీటర్ల దారి, పైకి ఒక మీటరు వెడల్పున్న మెట్లు తప్ప మరో మార్గం లేదని అగ్నిమాపక శాఖ చెప్పింది. పాతబస్తీలో ఇలాంటి ఇళ్లు లెక్కలేనన్ని. అలాంటి ఇంట్లో మెట్ల మీద పొగ కమ్మితే ఊపిరి కోసం, నిచ్చెన కోసం మనుషులు చేరే చోటు బాల్కనీ. అక్కడే పెట్రోలు ట్యాంకు, పక్కన నింపి పెట్టిన డబ్బా ఉంటే ఉన్న ఒక్క దారీ మూసుకుపోయినట్టే. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతుంది. వేడి ఇంజన్ ఆరకముందే చీకట్లో పెట్రోలు పోస్తే ఆ ఆవిరి అంటుకోవడానికి చిన్న నిప్పురవ్వ చాలు.

జనరేటర్ తీగను ఇంటి సాకెట్లో గుచ్చి ఇల్లంతా వెలిగించడం మరో ఘోరం. ఆ కరెంటు మీటరు దాటి వెనక్కి పోతే ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 11,000 వోల్టులకు పెంచుతుంది. లైన్ ఆపేశామని స్తంభం ఎక్కిన లైన్‌మన్ దాన్ని ముట్టుకుంటాడు. ఎలక్ట్రీషియన్‌తో ఛేంజోవర్ స్విచ్ పెట్టించకుండా ఇంటి వైరింగ్‌కు జనరేటర్ కలపకూడదు.

విషం ఎక్కుతోందని ఎలా తెలుస్తుంది? తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి. మే నెలలో వీటిని వడదెబ్బ అనుకుంటాం, పెళ్లి భోజనం పడలేదనుకుంటాం. తేడా ఏమిటంటే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వస్తుంది, బయటికొస్తే తగ్గుతుంది. కోవిడ్ రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్‌ను మాత్రం నమ్మొద్దు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను కూడా అది ఆక్సిజన్ ఉన్నదానిగానే లెక్కిస్తుంది. మనిషి స్పృహ తప్పుతున్నా 98 చూపించవచ్చు. అనుమానం రాగానే అందర్నీ బయటికి తెచ్చి, జనరేటర్ ఆపి, 108కి ఫోన్ చేయాలి. ఉస్మానియాకు తీసుకెళ్లినా, మరే ఆసుపత్రికి వెళ్లినా, డాక్టర్‌కు చెప్పాల్సిన మొదటి మాట ‘ఇంట్లో జనరేటర్ నడిచింది’ అని. అప్పుడే రక్తంలో ఈ వాయువును విడిగా కొలుస్తారు. మామూలు గాలిలో ఇది రక్తంలోంచి సగం పోవడానికి నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కుతో నిండు ఆక్సిజన్ ఇస్తే గంటన్నరలోపే.

కొనబోయేవాళ్లు ఆ డబ్బుతో ఇన్వర్టర్ చూడటం మేలు. 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ నుంచి నష్టాలు పోను దాదాపు 1200 వాట్ అవర్లు వాడుకోవచ్చు. మూడు పాత ఫ్యాన్లు, నాలుగు ఎల్‌ఈడీ బల్బులు, వైఫై పెట్టె కలిపి 250 వాట్లు, అంటే నాలుగున్నర గంటలకు పైనే. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు బిగిస్తే అదే బ్యాటరీ ఎనిమిది గంటలు దాటిస్తుంది. ఏసీ మాత్రం నడవదు. పక్కింటివాళ్ల బాల్కనీలో ఈ రాత్రే జనరేటర్ మోగుతుంటే, ఆ వైపు కిటికీలు, కూలర్ మూసి రెండోవైపు తెరవండి. తర్వాత వెళ్లి వాళ్ల తలుపు తట్టండి. మీ గదికంటే వాళ్ల గదిలో విషం ఎక్కువ ఉంటుంది.