వక్త పరిచయం: ఆ అర నిమిషంలో ఏం చెప్పాలి?

సదస్సులో మాట్లాడటానికి ఒప్పుకున్నాక నిర్వాహకుల దగ్గర్నుంచి ఒక మెయిల్ వస్తుంది. ప్రసంగం శీర్షిక, ఫోటో, ఓ యాభై మాటల్లో మీ పరిచయం, వీలైతే రేపటికల్లా. చాలామంది అప్పుడు చేసే పని ఒకటే. లింక్డ్‌ఇన్ తెరిచి ‘అబౌట్’ భాగాన్ని కాపీ చేసి, పైనున్న నాలుగు వాక్యాలు ఉంచి మిగతాది కొట్టేస్తారు. ఆ భాగంలో 2,600 క్యారెక్టర్ల దాకా చోటుంటుంది కాబట్టి అక్కడ ఎవరమైనా తీరిగ్గానే రాసుకుంటాం. పైగా అది రేపు ఉద్యోగం ఇచ్చేవారి కోసం రాసింది. సదస్సుకు వచ్చినవాళ్లకు కావలసింది వేరు. పక్క హాల్లో ఇంకో ప్రసంగం నడుస్తుండగా, ఈ విషయం ఈ మనిషి నోటే ఎందుకు వినాలన్నది వాళ్ల ప్రశ్న.

ఒక ఉదాహరణ అనుకుందాం. వరంగల్‌లో ఒక ఆస్పత్రి డయాలసిస్ యూనిట్‌కు నర్సింగ్ ఇన్‌చార్జిగా ఉన్నావిడను నర్సుల సదస్సుకు పిలిచారు. ఆవిడ ప్రొఫైల్ ఇలా మొదలవుతుంది: ‘రోగుల సేవ పట్ల అంకితభావం, నాయకత్వ పటిమ, నిరంతరం నేర్చుకునే తపన గల నర్సింగ్ నిపుణురాలిని.’ ఆ కింద 2010లో జీఎన్ఎం పూర్తి, మూడేళ్లు మెడికల్ వార్డులో పని, 2013 నుంచి డయాలసిస్, 2018లో ఇన్‌చార్జి, ఆ మధ్యలో పోస్ట్ బేసిక్ బీఎస్సీ. ఇవి కాక ఆస్పత్రి క్వాలిటీ కమిటీ సభ్యత్వం, బీఎల్ఎస్ సర్టిఫికెట్, ఉత్తమ నర్సు పురస్కారం. చివర్లో ఎక్కడో ‘యూనిట్ ఇన్‌ఫెక్షన్ రిజిస్టర్ నిర్వహణ (2019 నుంచి), కొత్త సిబ్బందికి శిక్షణ’ అని ఒక ముక్క.

ఇందులో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి? ప్రొఫైల్‌ను ఎంత చూసినా ఆ సంగతి తేలదు. ముందు ప్రసంగం శీర్షిక చూడాలి. ఆవిడ మొదట పంపిన శీర్షిక ‘ఇన్‌ఫెక్షన్ల నివారణలో నర్సుల పాత్ర’. ఆ మాట కింద ఆపరేషన్ థియేటర్ నుంచి పురిటి వార్డు దాకా అన్నీ పడతాయి, అందుకే ప్రొఫైల్లోని ప్రతి వాక్యమూ దానికి పనికొచ్చేదిగానే కనిపిస్తుంది. పరిచయం కుదరడం లేదని తంటాలు పడేవాళ్లలో చాలామందికి అసలు చిక్కు ఇక్కడే ఉంటుంది. నిజానికి ఆవిడ చెప్పబోయేది చాలా చిన్న విషయం. మెడ దగ్గర కేథటర్ పెట్టిన రోగిని మెషీన్‌కు కలిపేటప్పుడు, విడదీసేటప్పుడు జరిగే పొరపాట్లు. శీర్షికను ‘డయాలసిస్ కేథటర్ కలిపేటప్పుడు ఇన్‌ఫెక్షన్ ఎక్కడ మొదలవుతుంది?’ అని మార్చగానే ప్రొఫైల్ దానంతటదే జల్లెడ పడుతుంది. మెడికల్ వార్డు, బీఎల్ఎస్, పురస్కారం పక్కకు పోతాయి. అట్టడుగున ఉన్న రిజిస్టర్ ముక్క పైకి వస్తుంది.

ఆ ముక్కకు అంత బలం ఎందుకంటే, ఆ రంగం వాళ్లకు దాని విలువ వెంటనే తెలుస్తుంది. కేథటర్ ఇన్‌ఫెక్షన్లను ఎంతమందికి వచ్చాయని కాకుండా, రోగులందరికీ కేథటర్ ఉన్న రోజులన్నీ కూడి, ప్రతి వెయ్యి కేథటర్ రోజులకు ఎన్ని వచ్చాయని లెక్క కడతారు. ఆ లెక్క తేలాలంటే ఏళ్ల తరబడి ఎవరో ఒకరు ఓపిగ్గా రాయాలి. ‘అంకితభావం’ అనే మాటను ఎవరైనా వాడుకోవచ్చు. ఆ రిజిస్టర్‌ను మాత్రం హాల్లో కూర్చున్న మరో డయాలసిస్ నర్సు లేచి ప్రశ్నలడిగి పరీక్షించవచ్చు. పరిచయంలోని ఏ వాక్యానికైనా నేను పెట్టే పరీక్ష ఇదే. ‘ఎక్కడ, ఎప్పటి నుంచి, ఏం చేశారు?’ అని అడిగితే జవాబుండాలి. లేకపోతే ఆ వాక్యం లేకున్నా లోటు లేదు.

ఆ పరీక్షకు నిలిచినవాటితో పరిచయం ఇలా వస్తుంది. పేరు ఇక్కడ అవసరం లేదు గనక ‘ఫలానా’ అందాం.

‘ఫలానా, వరంగల్‌లోని ఫలానా ఆస్పత్రి డయాలసిస్ యూనిట్‌లో నర్సింగ్ ఇన్‌చార్జి. 2013 నుంచి డయాలసిస్ విభాగంలోనే పనిచేస్తున్నారు. కేథటర్ ఉన్న ప్రతి రోగి వివరాలనూ, ఇన్‌ఫెక్షన్ వచ్చిన ప్రతి సందర్భాన్నీ నమోదు చేసే రిజిస్టర్‌ను 2019 నుంచి ఆమే చూస్తున్నారు. యూనిట్‌లో కొత్తగా చేరే నర్సులకు కేథటర్ కలిపే పద్ధతిని దగ్గరుండి నేర్పిస్తారు. ఆ రిజిస్టర్ బయటపెట్టిన పొరపాట్ల గురించి ఈ రోజు మాట్లాడతారు.’

చదవడానికి అర నిమిషం చాలు. ‘పన్నెండేళ్ల అనుభవం’ అని రాస్తే వచ్చే ఏడాదికి అది తప్పవుతుంది. ‘2013 నుంచి’ అంటే ఎప్పటికీ నిజమే. ‘ఇన్‌ఫెక్షన్లను సగానికి తగ్గించారు’ అని ఒక వాక్యం కలపాలని ఎవరికైనా అనిపిస్తుంది. వద్దంటాను. ఆ మాట నిజమే అయినా, ఎప్పుడు ఎంత ఉండేది, ఏ మార్పు వల్ల తగ్గింది అనేది ప్రసంగంలో చార్టు చూపించి చెప్పాల్సిన సంగతి. అదీ కాక ఆస్పత్రి అంకెలు బయట చెప్పడానికి యాజమాన్యం అనుమతి కావాలి. సదస్సు బ్రోచర్‌లో అచ్చయ్యాక ఆ అనుమతి గుర్తుకొస్తే లాభం లేదు.

దాచకూడనిది కూడా ఒకటుంది. ఆవిడ కేథటర్లు అమ్మే కంపెనీకి శిక్షకురాలిగా డబ్బు తీసుకుని పనిచేస్తుంటే, ఆ సంగతి పరిచయంలోనో మొదటి స్లైడ్ మీదో ఉండాలి. వైద్య సదస్సుల్లో దాన్ని అడుగుతారు కూడా. తర్వాత ఎవరో ఎత్తి చూపితే మిగతా నాలుగు వాక్యాల మీదా నమ్మకం పోతుంది.

ఇక రాత సంగతి. దీన్ని చదివేది సభాధ్యక్షులు, అదీ చాలాసార్లు వేదికెక్కాకే మొదటిసారి చూస్తారు. అందుకే ‘నేను’ అని కాకుండా ‘ఆమె’, ‘ఆయన’ అని రాయాలి. మన గురించి మనమే ‘పనిచేస్తున్నారు’ అని రాసుకోవడం కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. అయినా అది సభ మర్యాద. పేరు పక్కన ‘గారు’ మాత్రం మనం పెట్టుకోకూడదు, చదివేవారు చేర్చుకుంటారు. డిగ్రీల పొడి అక్షరాలు వరసగా నాలుగు వచ్చాయంటే చదివే నాలుక తడబడుతుంది. ఒకసారి బయటికి చదివి చూసుకుంటే, ఊపిరి అందని వాక్యం ఏదో మనకే తెలిసిపోతుంది.

ఆన్‌లైన్ ఫారంలో తెలుగులో నింపేవారికి ఇంకో చిక్కు ఉంది. 300 క్యారెక్టర్లు అని ఉంటే 300 అక్షరాలు పడతాయని అనుకుంటాం. కంప్యూటర్ లెక్క వేరు. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరమే, యూనికోడ్ లెక్కలో ఆరు. హల్లు, వత్తు కోసం వాడే గుర్తు, గుణింతం అన్నీ దేనికది విడిగా లెక్కకొస్తాయి. చూసుకోకపోతే చివరి వాక్యం, అంటే ప్రసంగ విషయం చెప్పే వాక్యమే సగంలో తెగిపోతుంది. అందుకే ఫారం కోసం రెండు వాక్యాల పొట్టి రూపం ఒకటి విడిగా రాసుకుని ఉంచుకోవడం మేలు.

ఇదే నర్సును రేపు ఒక నర్సింగ్ కాలేజీ పిలిచి ‘జీఎన్ఎం తర్వాత ఏం చదవాలి, ఎటు వెళ్లాలి’ అనే విషయం మీద మాట్లాడమంటే పైన రాసిన పరిచయం అక్కరకు రాదు. రిజిస్టర్ ఒక పదానికి కుదించుకుపోతుంది. మొదట పక్కనబెట్టిన మెడికల్ వార్డు మూడేళ్లూ వెనక్కి వస్తాయి. ఉద్యోగం చేస్తూనే పోస్ట్ బేసిక్ బీఎస్సీ చదివిన సంగతి మొదటి వాక్యంలోకి ఎక్కుతుంది.